ఎడమవైపు మసక

కుమారస్వామికి నలుపంటే పడదు. ఎమ్మిగనూరులో చీరల కొట్టు, పెళ్ళై ఇరవై ఐదేళ్ళు, ఆ వేడుకకు ఫంక్షన్ హాల్లో గోడంత ఎల్‌ఈడీ తెర. పాత పెళ్ళి క్యాసెట్టును దాని మీద వేయించాలని ఆదోనిలో షాకిర్ స్టూడియోకి వచ్చాడు. పాత బొమ్మ చదరం, కొత్త తెర వెడల్పు. రెండు పక్కలా నల్లపట్టీలు కనబడేసరికి మొహం మాడ్చుకున్నాడు.

"శుభకార్యంలో ఆ నలుపేందప్పా? తెరంతా నింపు."

"అట్ల సాగదీస్తే మనుషులు లావైపోతారన్నా. పెద్దది చేస్తే తలలు తెగిపోతాయి. అదే బొమ్మ ఇంకోటి కింద పొరలో పెద్దగా పరిచి మసక చేస్తా. పైన అసలుది పెడతా. పక్కలు రంగురంగులుగా నిండుతాయి."

"అట్లనే చెయ్. ఇంకోటి. ఎడంపక్క కలశం పట్టుకోని నిలబడిండాదే, మా యశోద. దాన్ని తీసెయ్."

యశోద అతని చెల్లెలు. మగ్గాల ఇంట్లో భాగం అడిగిన పాపానికి గడప తొక్కనివ్వడం లేదు. ఆడబిడ్డగా అన్న పెళ్ళిలో కలశం మోయడానికి మాత్రం పనికొచ్చింది! తల్లి సుంకులమ్మ నోరు తెరిస్తే కొడుకు కసురుతాడు. కూతుర్ని ఒక్కసారి చూడాలన్న ఆశను ఆమె లోపలే దాచుకుంది.

షాకిర్ పై పొరలో ఎడమ అంచు కోసేశాడు. యశోద పోయింది. కింది పొర సంగతి అతనికి తట్టలేదు. మసకే కదా, ఎవరి కంటికి ఆనుతుంది!

హాల్లో తాళి కడుతున్న ఘట్టం వచ్చింది. కోసేసిన చోట కింది బొమ్మ బయటపడింది: ముందుకంటే పెద్దదై, ముఖం లేని ఆకుపచ్చ చీర, చేతుల్లో ఇత్తడి మెరుపు. చుట్టాలెవరూ పట్టించుకోలేదు. సుంకులమ్మ కళ్ళకు శుక్లాలు. ఆమెకు లోకమంతా ఇలాగే కనబడుతుంది.

"మా యశోద! బిడ్డ వచ్చినాది సూడండి!" అంటూ లేచి తెర దగ్గరికి పోయి, ఆ పచ్చదనాన్ని రెండు చేతులా తడిమింది. కుమారస్వామి ఆమె రెక్క పట్టుకుని వెనక్కి లాగాడు. ఈ కథ చెబుతున్న నాకైతే లాగిన ఆ చెయ్యి విరగ్గొట్టాలనిపిస్తుంది.

మర్నాడే కుమారస్వామి షాకిర్‌కు ఫోన్ చేశాడు.

"ఇంట్లో చూసేదానికి ఆ మసక తీసెయ్. పక్కలకు నలుపే పెట్టు."

"నలుపు వద్దంటివి గదన్నా?"

"పెట్టమంటాండా గదా!"

షాకిర్ కింది పొర తీసేశాడు. కోసిన ఎడమవైపు నలుపు కుడివైపు కంటే వెడల్పుగా మిగిలింది. కుమారస్వామికి అది ఎబ్బెట్టుగా అనిపించలేదు. పెన్‌డ్రైవ్ తీసుకుపోయి ఇంట్లో టీవీకి పెట్టాడు.

సుంకులమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది. తాళి ఘట్టం రాగానే ఎడమవైపు అద్దం మీద చెయ్యి పెట్టి, కొంగుతో తుడిచింది. మళ్ళీ తుడిచింది.

"ఈ పక్క దీపం ఆర్పేసినారేంటికప్పా? నా బిడ్డ సీకట్లో నిలబడిండాది."