సాక్ష్యాధారాలకు తెలుగు

అటవీ హక్కుల చట్టం అమల్లోకి వచ్చిన 2008లో, ఏజెన్సీలోని ఒక మండల ఆఫీసులో సత్యకుమారి జూనియర్ అసిస్టెంటు. పోడు భూమికి హక్కు ఎలా అడగాలో చెప్పే సర్క్యులర్ పదకొండు పేజీలుంది. సూపరింటెండెంటు వరహాలరావు దాన్ని ఆమె బల్ల మీద పెట్టి, "గూడేల్లో చదివితే అర్థమవ్వాలి. ఒక్క పేజీలో రాయమ్మా" అన్నాడు.

రెండు రోజులు కూర్చుని రాసింది. 'ఒకటి కంటే ఎక్కువ సాక్ష్యాధారాలు సమర్పించవలెను' అన్న దగ్గర ఆగిపోయింది. 'సాక్ష్యాధారాలు' బరువైన మాటలా తోచింది. 'కనీసం రెండు కాగితాలు జతచేయాలి' అని రాసింది. వరహాలరావు మెచ్చుకుని మండల అధికారి చేత సంతకం, ముద్ర వేయించాడు. కాపీలు ఊరూరా అంటించారు.

అర్జీల గడువు ఇంకా పది రోజులుందనగా పైడయ్య అనే పెద్దాయన కొండ దిగి వచ్చి ఆ కాపీ చూపించాడు.

"మా ఊర్ల ఎవులూ అర్జీ పెట్టలేదమ్మా. తాతల్నాటి నుంచీ ఆ కొండే దున్నుతున్నాం. మాకు కాయితం ఎవుడిచ్చినాడు?"

సత్యకుమారి అసలు సర్క్యులర్ తీసింది. సాక్ష్యాధారాల కింద వరసగా ఉన్నాయి: ప్రభుత్వ రికార్డులు, వేసుకున్న గట్లు, తవ్విన బావి, కట్టుకున్న ఇల్లు, అర్జీదారు కాకుండా ఊళ్లోని వేరే పెద్దలు చెప్పి రాయించిన మాట. కాగితాలు అందులో ఒకటి మాత్రమే.

"తాతా, కాగితాలే అక్కర్లేదు. మీ గట్లు ఒక సాక్ష్యం, ఊరి పెద్దల మాట రెండోది. అది రాయించుకోండి" అంటూ తన చేత్తో రాసిచ్చింది.

పైడయ్య కాగితాన్ని తిప్పి చూశాడు. "దీనిమీద ముద్దర లేదు. గోడ మీద దానికి ఉంది. అర్జీలు చూసే కమిటీవోలు ఏది నమ్మాల?"

ఆమె వరహాలరావు దగ్గరికి వెళ్లి, సవరణ పంపమని అడిగింది.

"సవరణ ఇవ్వాలంటే ఫైల్లో తప్పెవరిదో రాయాలి. అధికారి సెలవులో ఉన్నారు. నీ ఉద్యోగం పర్మనెంటు కాలేదు. తెలిసే అడుగుతున్నావా?"

రాయకపోతే ఊళ్లు నష్టపోతాయి. రాస్తే ఉద్యోగం పోవచ్చు; ఇంట్లో జీతం తెచ్చేది తనొక్కతే. పొద్దుగూకే దాకా కూర్చుంది. చివరికి 'తప్పు నాది' అని నోట్ పెట్టింది.

సంతకం ఆరో రోజుకు గాని రాలేదు. సవరణతో పాటే ఆమె పేర మెమో కూడా వచ్చింది. గ్రామసభ కారణాలు రాసుకుని గడువు పెంచుకోవచ్చని సర్క్యులర్‌లోనే ఉంది. పైడయ్య ఊరు అలాగే పెంచుకుని నలభై అర్జీలు పెట్టింది. అవతలి కొండ ఊళ్లకు వానల్లో సవరణ చేరనే లేదు. అక్కడి గోడల మీద పాత కాపీయే ఉంది. పెంచుకోవచ్చని తెలియక గడువు కూడా దాటిపోయింది.

మెమోకు జవాబు రాయడానికి సత్యకుమారికి మూడు రోజులిచ్చారు. 'కాగితాలు' అన్న మాట ఎందుకు వాడారో వివరించమని అందులో అడిగారు. 'జనానికి అర్థమవ్వాలని' అని రాసి కలం మూసేసింది.