పదహారు ఎంఎం కమ్మి

వడమాలపేటలో ఆగిపోయిన కల్యాణ మండపాన్ని మళ్లీ కట్టడానికి లోహితను సైట్ ఇంజనీరుగా పిలిచినప్పుడు వాళ్లమ్మ వద్దంది. నాలుగేళ్ల కిందట ఆ మండపం ముందరి పోర్టికో కూలి, దాని కింద పడి లోహిత తండ్రి వెంకటముని చనిపోయాడు. ఆయన కమ్మి కట్టే మేస్త్రీ. స్లాబు లోపలి ఇనుప కమ్ములు సరిగా కట్టలేదని ఊరంతా ఆయన్నే తప్పుపట్టింది.

వద్దన్నకొద్దీ లోహితకు వెళ్లాలనే అనిపించింది.

మొదటి మధ్యాహ్నమే ఆ చప్పుడు వినబడింది. పనివాళ్లంతా అన్నానికి పోయారు. ఎవరూ లేని పోర్టికో వైపు నుంచి, నాయన కమ్ములు వంచేటప్పుడు వినబడినట్టే, ఇనుము మీద ఇనుము కొట్టినట్టు, టంగు, టంగు.

"నీకూ వినబడిందా పాపా?" అన్నాడు అన్నానికి పోకుండా ఆగిన గంగాధరం. ఒకప్పుడు వెంకటముని పక్కన పనిచేసిన మనిషి. "మాకు రోజూ ఇదే. అందుకే ఆ పక్కకు ఎవురూ పోరు."

చప్పుడు వచ్చిన చోట, టార్పాలిన్ కింద, అప్పట్లో కూలిన పోర్టికోకు వాడగా మిగిలిన కమ్ముల మోపు ఉంది. కొత్త పోర్టికోకు అవే వాడమన్నాడు యజమాని మునిరామయ్య.

లోహిత ఒక కమ్మి పట్టుకుంది. చేతికి లావుగానే తగిలింది. అయినా తూచకుండా వదలబుద్ధి కాలేదు.

"చిన్నాయనా, సరిగ్గా ఒక మీటరు కోసియ్యి," అంది గంగాధరంతో.

తుప్పు గీకి, సిమెంటు తూచే కాటా మీద పెట్టింది. కిలో మూడు వందల గ్రాములు. ఇంకో రెండు కోయించింది. అవీ అంతే తూగాయి.

అంతలో మునిరామయ్య వచ్చాడు. "ఏందమ్మా ఇది? పదహారు ఎంఎం అని దాని మీదే అచ్చు ఏసుండాది కదా!"

"పదహారును పదహారుతో గుణిస్తే రెండు వందల యాభై ఆరు సార్. దాన్ని నూట అరవై రెండుతో భాగిస్తే మీటరు బరువు. కిలో ఐదు వందల ఎనభై గ్రాములు రావాల. పన్నెండు మీటర్ల కమ్మి పంతొమ్మిది కిలోలకు దగ్గరగా తూగాల. ఇది పదహారు కిలోలు కూడా రాదు. తుప్పు పోయినంత మాత్రాన ఇంత తగ్గదు."

"పట్టుకుంటే లావుగానే ఉండాదే?"

"పైన గీతలుంటాయి, అవే చేతికి తగుల్తాయి. లోపల పద్నాలుగున్నర ఎంఎం ఇనుమే ఉండాది. ఐదో వంతు దాకా తక్కువ. వీటితో పోర్టికో స్లాబు పోయనియ్యను."

మునిరామయ్య కూలిన చోటుకేసి చూశాడు. మోపును లారీకెక్కించమన్నాడు.

గంగాధరం కళ్లు తుడుచుకున్నాడు. "అయితే తప్పు వెంకటమునిది కాదు గదా పాపా?"

అవునందామనుకుంది లోహిత. ఇనుము తక్కువన్నది నిజం. కూలింది ఆ ఒక్కదానికేనని బరువు చెప్పదు. నాయన ఆ రోజు కమ్ములను స్లాబులో ఉండాల్సిన ఎత్తులోనే కట్టాడో లేదో చెప్పగలిగినవాళ్లు ఎవరూ మిగల్లేదు.

"తెలీదు చిన్నాయనా," అంది.

లారీ పుత్తూరు రోడ్డెక్కి కనుమరుగైంది. నేల బోసిగా ఉంది, ఇనుప ముక్క ఒక్కటీ లేదు. పనివాళ్లు ఇక ఆ చప్పుడుండదని ఊపిరి పీల్చుకుని ఇళ్లకు బయల్దేరారు.

లోహిత హెల్మెట్ తీస్తుండగా, ఆ ఖాళీ నేల మీద మళ్లీ, మెల్లగా, టంగుమంది.

ఆమె కదల్లేదు. "ఈడనే ఉండా నాయనా," అంది.