చెల్లి పెట్టని సంతకం

చెల్లి పోయిన మూడో నెలలో ప్రచురణ సంస్థ నుంచి మెయిల్ వచ్చింది. మీ వెబ్‌సైట్‌లో పెట్టిన వాన పుస్తకం బొమ్మలు వెంటనే తీసేయండి, వాటి హక్కులన్నీ మావి, అని దాని సారాంశం. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ బొమ్మల కింద నేను రాసింది ఒక్క మాట: గీతలు నావి, రంగులు నా చెల్లివి. అచ్చయిన పుస్తకం మీద నా పేరే ఉంది. తనూ చిత్రకారిణేనని లోకానికి తెలిసే చోటు ఆ పేజీ ఒక్కటే.

పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయడం మా పని. నేను ఇంకుతో గీస్తాను. తను కాగితాన్ని తడిపి, అటూ ఇటూ వంచి రంగును పారనిచ్చేది. ఆ పుస్తకంలో నా గీతలు తీసేసినా వాన ఉంటుంది. తన రంగు తీసేస్తే మిగిలేవి నాలుగు గొడుగులు.

ఒప్పందం పట్టుకుని లాయరు దగ్గరికి వెళ్లాను. ఆవిడ నాలాంటి వాళ్ల గోడు చాలా విన్న మనిషి.

"మీరే వేసుకున్న బొమ్మలు ఇచ్చి డబ్బు తీసుకున్నంత మాత్రాన హక్కు పోదమ్మా, రాసిస్తేనే పోతుంది. లైసెన్స్ ఇచ్చుంటే పుస్తకం వరకే వాడుకునేవాళ్లు, బొమ్మలు మీవిగానే ఉండేవి. మీరు మొత్తం రాసిచ్చేశారు. మీరు వేసినవని నలుగురికీ చూపించుకునే హక్కు కూడా మిగుల్చుకోలేదు."

"నేను రాసిచ్చాను, సరే. మా చెల్లి ఎక్కడా సంతకం పెట్టలేదుగా?"

ఆవిడ తలెత్తింది. "ఇద్దరూ కలిసి వేశారా? అయితే ఆవిడ వాటా ఆవిడదే. పెళ్లి కాలేదు, నాన్నగారు లేరు అన్నారు కదా, ఇప్పుడది మీ అమ్మగారిది."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడ మాత్రం పేజీ తిప్పి ఒక చోట వేలు పెట్టింది. 'ఈ చిత్రాలన్నీ నేనొక్కదాన్నే వేశాను. ఇందులో మరెవరికీ భాగం లేదు.' కింద నా సంతకం.

"మరి ఇదేంటమ్మా?"

ఆ సంతకం ఎలా పెట్టానో నాకు బాగా గుర్తుంది. ఆ రోజు సాయంత్రంలోగా ఒప్పందం పంపాలి. ఇద్దరి పేర్లతో కావాలంటే మళ్లీ తయారుచేయించాలి, వారం పడుతుంది అన్నారు. చెల్లి పుస్తకంలో ఆఖరి బొమ్మకు రంగు వేస్తూ వంగి ఉంది.

"నువ్వొక్కదానివే పెట్టెయ్ అక్కా. నా చేతులు తడిగా ఉన్నాయి, కాగితం పాడవుతుంది."

"నీ పేరు రాదే."

"వస్తే ఏం చేసుకుంటాను, ఫ్రేమ్ కట్టించుకుంటానా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. చదవకుండానే సంతకం పెట్టాను. ఆ తొందర తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

"నిజం చెబితే, అబద్ధపు హామీ ఇచ్చారని మీ మీదే పడొచ్చు," అంది లాయరు.

"పడనివ్వండి," అన్నాను.

చెల్లి తన చేత్తో తేదీలు వేసుకున్న రంగుల నమూనాలన్నీ జత చేసి ప్రచురణ సంస్థకు జరిగింది రాశాం. రెండు వారాలకు ఎడిటర్ ఫోన్ చేశాడు. గొంతులో మర్యాదకు లోటు లేదు. వాన పుస్తకాన్ని కార్టూన్‌గా తీయడానికి వేరే సంస్థకు ఇస్తున్నారట. హక్కుల్లో లొసుగు ఉండకూడదట.

"అమ్మగారు ఆ వాటా మాకు రాసిచ్చేస్తే మీ మీద ఏ కేసూ ఉండదు. మీ సైట్‌లో ఇద్దరి పేర్లతో పెట్టుకోండి, ఆ అనుమతీ రాసిస్తాం."

"పుస్తకం మీద?"

"మళ్లీ అచ్చు వేసే ఆలోచన లేదండీ."

"కార్టూన్‌లో?"

"అది తీసేవాళ్ల ఇష్టం."

సంతకం వద్దని అమ్మకు చెప్పాను. ఆవిడ వినలేదు. "ఉన్న ఒక్కదాన్నీ కోర్టుల చుట్టూ తిప్పుకోనా?" అని కాగితాలు లాక్కుంది. వంటింటి బల్ల మీద పరిచి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. రెండో పేజీలో ఆగిపోయింది.

"ఇదిగో, ఇక్కడ దాని పేరుందే!"

చిత్రకారిణి అని ఉంది. దాని పక్కన చెల్లి పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. బతికుండగా ఏ కాగితం మీదా పడని మాట. పడ్డది ఆ బొమ్మల్ని శాశ్వతంగా వదిలేసుకుంటున్న కాగితం మీద.

అమ్మ ఆ పేరు మీద వేలితో రెండుసార్లు నిమిరింది. తర్వాత చేతులు కడుక్కుని, కొంగుతో శుభ్రంగా తుడుచుకుని, సంతకం పెట్టింది.

"దీని నకలు మనకిస్తారా?"

"ఇస్తారమ్మా. ఎందుకు?"

"ఫ్రేమ్ కట్టిద్దాం," అంది.

చెల్లి అన్న మాట నేను అమ్మకు ఎప్పుడూ చెప్పలేదు. అప్పుడూ చెప్పలేకపోయాను.