సుల్తాన్ డబ్బాలోని నెయ్యి

ధనుర్మాసంలో తిరుపతి స్టేషను వీధిలోకి ఎండ ఆలస్యంగా వస్తుంది. ఆ చలే సుల్తాన్‌ను పట్టించింది.

సుల్తాన్‌ది బిస్కత్తుల బట్టీ. దానికి ఎదురుగా నా మిఠాయి అంగడి. అతని గాజు జాడీ మీద ‘అసలు నెయ్యి బిస్కత్తులు’ అనీ, నా బోర్డు మీద ‘శుద్ధమైన నేతి మైసూరుపాకు’ అనీ రాసి ఉండేది. రెండూ అబద్ధమే. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఏడాది దాటినా పల్లెల నుంచి నెయ్యి సరిగా రావడం లేదు. మద్రాసు నుంచి తెప్పించిన వనస్పతిని మేమిద్దరం చెరిసగం పంచుకునేవాళ్లం. అది తెల్లగా ఉంటుంది. సబ్బులు చేసేవాళ్ల దగ్గర పరదేశపు తాటినూనె దొరుకుతుంది, ఎర్రగా ఉంటుంది. దాన్ని కొంచెం కలిపి కరిగిస్తే ఆవునెయ్యి రంగు వచ్చేది. తరవాత పాత నెయ్యి డబ్బాల్లో పోసుకునేవాళ్లం. ఈ సంగతి మూడో మనిషికి చెప్పబోమని ఒకరికొకరం మాట ఇచ్చుకున్నాం.

నేను రోజూ తలస్నానం చేసి, నామం పెట్టుకుని, గోవిందుడికి మొక్కి ఈ పనికి కూర్చునేవాణ్ణి. వనస్పతి వేరుసెనగ నూనె నుంచి వచ్చిందే కదా, ఎవరికేం చేటు అనుకునేవాణ్ణి. మరి చేటు లేనిదాన్ని ఎందుకు దాస్తున్నావని నన్ను నేను అడుక్కోలేదు.

ఆ రోజు పొద్దున్నే నగరి నుంచి వచ్చిన ఏడెనిమిది మంది కొండ దిగి, గుండ్లకు గంధం పూసుకుని, రైలు కోసం వీధిలోకి వచ్చారు. వాళ్లలో ఎల్లప్ప అనే నేతగాడు సుల్తాన్ దగ్గర బిస్కత్తులు కొన్నాడు. ఒకటి నమిలి ఆగిపోయాడు. నాలుకతో అంగిలిని నాకి చూసుకున్నాడు.

“ఏందిది? మైనం మాదిరి అంటుకుంటాండాది?”

“సలికి అట్లే ఉంటాదప్పా. రొంత వేన్నీళ్లు తాగు,” అని సుల్తాన్ నవ్వాడు.

ఎల్లప్ప నవ్వలేదు. బల్ల మీదున్న నెయ్యి డబ్బాలోంచి ఒక ముద్ద తీసి అరచేతిలో రుద్దాడు. నెయ్యి అయితే చేతి వేడికే జారిపోవాలి. అది జారలేదు. గీతల్లో మైనంలా పట్టుకుంది.

“మద్రాసు మిల్లులో నాలుగేండ్లు నూలుకు గంజి పెట్టినానురా నేను. ఆ గంజిలో గొడ్డుకొవ్వు కలుపుతారు. సేతికి ఇట్లే పట్టుకుంటాది. ఇది కొవ్వు!”

“అల్లా తోడు, కొవ్వు కాదు!”

“మరేంది?”

సుల్తాన్ ఒక్క క్షణం తడబడ్డాడు. “నెయ్యే,” అన్నాడు.

“నలభై దినాలు దీక్షలో ఉండి నీసు ముట్టలేదు నేను! కొండ దిగీ దిగకనే నా నోట్లో కొవ్వు పెడతావా?”

మొదటి దెబ్బ అతనే కొట్టాడు. సుల్తాన్ ముక్కు నుంచి రక్తం బిస్కత్తుల తట్టలో పడింది. తరవాత ఎవరు కొట్టారో చెప్పలేను. నగరివాళ్లే కాదు, జట్కావాళ్లు, పూలంగడివాళ్లు, రోజూ ఆ బిస్కత్తులే టీలో ముంచుకు తినేవాళ్లు అందరూ వచ్చి పడ్డారు. గాజు జాడీ పగిలింది. ఎవడో కట్టెల మోపులోంచి చండ్రకట్టె లాగి అతని భుజం మీద బాదాడు. ఎముక విరిగిన శబ్దం నా అంగడి దాకా వినిపించింది.

కింద పడ్డ సుల్తాన్ గుంపు కాళ్ల సందుల్లోంచి నా వైపు చూశాడు. చూశాడే గాని నా పేరు చెప్పలేదు.

లోపలి నుంచి అతని భార్య సుభాన్‌బీ పరుగెత్తుకొచ్చింది. ఆమె గుంపును తోసుకుని నా మెట్ల దగ్గరికి వచ్చి నా పంచె పట్టుకుంది.

“గంగన్నా, నువ్వు సెప్పు! దాంట్లో ఏముండాదో నీకు తెలుసు గదా! నువ్వు సెప్తే వింటారన్నా!”

గుంపు నా వైపు తిరిగింది. నా బోర్డు నా నెత్తి మీదే ఉంది. నా వెనక బాణలిలో పాకం ఉడుకుతోంది.

“నాకేం తెలుసమ్మా,” అన్నాను.

“ఇన్నారా? ఎదురంగడి ఆయప్పకే తెలీదంట!” అని ఎల్లప్ప అరిచాడు. “ఏ సేత్తో కలిపినాడో ఆ సెయ్యి కాల్చండిరా!”

నలుగురు సుల్తాన్‌ను బట్టీ దగ్గరికి ఈడ్చారు. కుడిచెయ్యి పట్టి నిప్పుల మూతిలోకి తోశారు. అతను వేసిన కేకకు స్టేషను ముందు కట్టేసిన గుర్రాలు బెదిరాయి. వెంట్రుకలు, చర్మం కాలిన వాసన వీధి నిండా వచ్చింది.

అప్పుడు కదిలాను. నా బల్ల కింద, ముందురోజు వచ్చిన వనస్పతి డబ్బా ఇంకా కంపెనీ చీటీతోనే ఉంది. దాన్నీ ఎర్రనూనె సీసానూ చంకలో పెట్టుకుని గుంపులో పడ్డాను.

“వదలండి! కొవ్వు కాదు, వనస్పతి! సెనగనూనెతో చేసేది! నేనూ అదే వాడతాండా! నా మైసూరుపాకులో ఉండేదీ అదే!”

ఆ నలుగురూ సుల్తాన్ చెయ్యి బయటికి లాగారు గాని అతన్ని వదల్లేదు. ఎల్లప్ప నా మెడ పట్టుకున్నాడు. నేను తెల్లటి ముద్ద తీసి ఎర్రనూనె చుక్కలు వేసి బట్టీ నిప్పు మీద గరిటెలో కరిగించి చూపించాను. పసుపు రంగు వచ్చింది. నీళ్ల తొట్టిలో గరిటె అడుగు ఆనిస్తే గడ్డకట్టింది. ఎల్లప్ప దాన్ని అరచేతిలో రుద్దుకున్నాడు. అదే పట్టు.

“సెనగనూనె యాడన్నా గడ్డకడతాదా?”

“నికెలు పొడి వేసి, కాగే నూనెలోకి ఏదో వాయువు పట్టిస్తారంట అప్పా. అప్పుడు గడ్డకడతాది. గొడ్డుది కాదు, గింజల నూనే.”

సుల్తాన్‌ను పట్టుకున్నవాళ్లు వదిలేశారు. ఎల్లప్ప తన చేతిని పంచెకు తుడుచుకుంటూ వెనక్కి జరిగాడు. “నెయ్యి అని ఎందుకు సెప్పినాడు మరి?” అని గొణిగాడు.

మా వీధి వసంతమ్మ ముందుకొచ్చింది. ప్రతి శనివారం నా దగ్గర మైసూరుపాకు కొనే మనిషి.

“దేవుని పటం ముందర పెట్టినానే! ‘నెయ్యేనా గంగాధరం’ అని ఎన్నిసార్లు అడిగినా నిన్ను? నామం పెట్టుకోని ‘నెయ్యే తల్లీ’ అన్న నోరు గదరా ఇది!”

ఆమె నా మూతి మీద కొట్టింది. దాంతో గుంపంతా నా అంగడి మీద పడింది. బోర్డు పీకారు, తట్టలు మురుక్కాలవలో పోశారు. బాణలి తన్నితే ఉడికే పాకం నా ఎడమకాలి మీద పడి చర్మం ఊడిపోయింది. నేను కేకలు వేశానట. నాకు గుర్తు లేదు.

ఆసుపత్రిలో మా ఇద్దరినీ పక్కపక్క మంచాల మీద వేశారు. డాక్టరు జయరావు గారు నా కాలికి కట్టు కడుతూ అంతా విన్నారు.

“నెయ్యి అయినా ఇదైనా గడ్డకట్టే కొవ్వేనయ్యా,” అన్నారు. “నెయ్యి అయితే మనిషి ఎంత తింటున్నాడో చూసుకుని తింటాడు. మీరు బిస్కత్తులో, మిఠాయిలో దాచిపెడితే వాడి ఒంట్లోకి ఎంత పోయిందో వాడికి తెలీదు. రోజూ తింటే ఏమవుతుందో మాకూ ఇంకా సరిగా తెలీదు. తెలియనిదాన్ని ఊరందరి చేతా తినిపించినారే!”

ఆయన వెళ్లాక సుల్తాన్ వైపు తిరిగాను. కుడిచెయ్యి మోచేతి దాకా గుడ్డల్లో ఉంది. సుభాన్‌బీ గోడ వైపు తిరిగి కూర్చుంది.

“సుల్తాన్, నేను సెప్పినా గదప్పా. డబ్బా తెచ్చి సూపించినా గదా.”

అతను తల నా వైపు తిప్పాడు.

“సెప్పినావు గంగన్నా,” అన్నాడు. “సుభాన్ నీ పంచె పట్టుకున్నప్పుడు నా సెయ్యి బాగానే ఉండె.”