రెండు వార్డుల వంతెన

టైలరమ్మకు చిన్నప్పటినుంచీ ఒకటే బెంగ. ఎవరైనా "వెళ్ళొస్తా" అంటే చాలు, ఇక రారేమో అనిపిస్తుంది. అందుకే ఎవర్ని బస్సెక్కించడానికి వెళ్ళినా బస్సు కదలకముందే వెనక్కి తిరిగేది. ఆమె భర్త కూడా "ఇప్పుడే వస్తానే" అని గడప దాటినవాడే.

ఇప్పుడు వదిన వంతు వచ్చింది.

వదిన అంటే భర్తకు అక్క. కాలువకు అవతలి ఒడ్డున ఒంటిగదిలో ఉంటుంది. ఇవతలి ఒడ్డున టైలరమ్మ. మధ్యలో ఇనుప నడకవంతెన. పొయ్యిమీద పాలు పెట్టి ఇటు వచ్చి, నాలుగు మాటలు అనేసి, పాలు పొంగేలోపు వెనక్కి వెళ్ళేది వదిన. కిందటి వానల్లో తుప్పు పట్టిన రేకులు ఊడి కాలువలో పడ్డాయి. మునిసిపాలిటీ వాళ్ళు రెండు చివర్లా చెక్కలు అడ్డం కొట్టి చేతులు దులుపుకున్నారు. అప్పటినుంచీ వదిన ఇటు రావాలంటే ఊరంతా చుట్టి రెండు బస్సులు మారాలి. మోకాళ్ళు చూస్తే ఇంటి మెట్టు దిగడానికే మొరాయిస్తున్నాయి.

"ఈ ఏడు వంతెన బాగుపడకపోతే మా చెల్లెలి ఊరికి పోతానే. ఇక్కడ గోడలతో ఎంతకాలం మాట్లాడను?" అంది ఫోన్లో.

టైలరమ్మ ఆ పూటే వార్డు ఆఫీసుకు వెళ్ళి, వంతెన బాగు చేయాలని కాగితం రాసిచ్చింది. వార్డుకు వచ్చే డబ్బుతో ఏ పనులు చేయాలో జనమే చెప్పి, జనమే ఓట్లేసే పథకం ఒకటి నడుస్తోంది. కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళనూ కొలతలు తీస్తూ అడిగింది. "ఓటేస్తానను తల్లీ, చంక బిగుతు లేకుండా కుడతాను."

ఈ రోజు ఆఖరి సభ. బడి హాల్లో పిల్లల బల్లలమీద పెద్దవాళ్ళు మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. వార్డు సభ్యుడి పక్కన పడుచు ఇంజినీరు లేచి నిలబడి, గోడకు అంటించిన పట్టిక చదవడం మొదలుపెట్టింది.

"మన వార్డు కేటాయింపు ముప్ఫై లక్షలు. ఓట్ల ప్రకారం మొదటిది, బడి ముందు మురుగుకాలువకు మూతలు. అంచనా పదకొండు లక్షలు. రెండోది వీధిదీపాలు, ఆరు లక్షలు. మూడోది నడకవంతెన..."

మూడోది! టైలరమ్మ పక్కావిడ చెయ్యి పట్టేసుకుంది.

"...అంచనా పద్నాలుగు లక్షలు. కానీ మనకు మిగిలింది పదమూడు. మిగిలిన డబ్బు సరిపోని పనిని దాటి కిందిదానికి వెళ్ళాలని నిబంధన. కాబట్టి వంతెన వచ్చే ఏడాదికి. నాలుగోది పార్కు ముందు స్వాగత తోరణం, ఎనిమిది లక్షలు. అయిదోది మార్కెట్లో మరుగుదొడ్ల మరమ్మతు, అయిదు లక్షలు. దీంతో సరిగ్గా సరిపోయింది. అభ్యంతరాలుంటే ఇప్పుడే చెప్పాలి. సభ తీర్మానం అయ్యాక సంతకాలు పెట్టేస్తాం."

తోరణం అడిగిన బేకరీ ఆయన మీసం సవరించుకున్నాడు. "ఏం చేస్తాం అక్కా, ఒక్క లక్షలో పోయింది."

"తోరణం కింద నిలబడి ఎవరికి స్వాగతం చెబుతావు తమ్ముడూ? వంతెన లేకపోతే వచ్చేవాళ్ళేరీ?"

నలుగురూ నవ్వారు. టైలరమ్మకు నవ్వు రాలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి వదినకు ఫోన్ చేసింది. చెప్పక తప్పదు కదా.

"వదినా, మన వంతెన పోయింది."

"మాదీ పోయిందే," అంది వదిన. వెనకాల ఎవరో మైకులో లెక్కలు చదువుతున్నారు.

"మీదేమిటి? ఎక్కడున్నావు?"

"ఎక్కడుంటాను, మా వార్డు సభలో. నేనూ అడిగాను వంతెన. జాబితాలో అట్టడుగున పడింది. అక్కడికొచ్చేసరికి తొమ్మిది లక్షలు మిగిలాయి, దీనికేమో పద్నాలుగట."

టైలరమ్మ ఫోన్ చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది. వెళ్ళిపోతాను, వెళ్ళిపోతాను అంటూ ప్రాణం తోడేసిన మనిషి, ఆ మోకాళ్ళతో వీధి వీధీ తిరిగి ఓట్లు అడిగిందా?

"నాతో ఒక్క మాటైనా అనలేదేం?"

"అంటే నెత్తికెక్కి కూర్చుంటావు. మరదలి బుద్ధి నాకు తెలీదా!"

టైలరమ్మ కళ్ళు తుడుచుకుంది. అప్పుడు తట్టింది. ఫోన్ చేత్తో పట్టుకునే హాలు మధ్యకు వచ్చింది.

"అమ్మాయీ, ఒక్కటే అడుగుతాను. వంతెన ఒకటి. ఇక్కడా పద్నాలుగు, అక్కడా పద్నాలుగా? ఒక్క జాకెట్టుకి ఇద్దరి దగ్గరా పూర్తి కూలి అడిగితే ఎవరిస్తారు?"

ఇంజినీరు గబగబా ఫైలు తిప్పింది. రెండో నిమిషంలో నుదురు కొట్టుకుంది.

"పెద్దమ్మా, పొరపాటు మాదే. రెండు వార్డులనుంచి రెండు కాగితాలు వచ్చాయి. దేనికది విడిగా అంచనా వేసి పంపించాం. కాలువే వార్డుల సరిహద్దు. సరిహద్దు పనిని ఉమ్మడిగా చేసుకోవచ్చు, చెరి సగం. అంటే మనకు ఏడే పడుతుంది. కానీ రెండు సభలూ ఈ రోజే ఒప్పుకోవాలి."

బేకరీ ఆయన చటుక్కున లేచాడు. "ఆగండాగండి. పదమూడులో ఏడు పోతే మిగిలేది ఆరు. నా తోరణం ఎనిమిది!"

"అవును, దాన్ని దాటాలి. మరుగుదొడ్లు అయిదు కాబట్టి అవి ఉంటాయి. ఒక లక్ష మిగులు."

"అవతలివాళ్ళ సగం వస్తుందని ఏమిటి నమ్మకం? వాళ్ళు కాదంటే మనం సగం వంతెన కట్టుకుని కాలువలోకి దూకాలా?"

మాట న్యాయమైనదే. హాలంతా టైలరమ్మ చేతిలోని ఫోన్ వైపు చూసింది.

టైలరమ్మ ఫోన్ స్పీకరు నొక్కింది. "వదినా, విన్నావా?"

"విన్నాను. ఫోన్ పెట్టకు." తర్వాత ఆ గొంతు ఫోన్లోంచే హాలంతా మోగింది. వదిన అక్కడ మైకు లాక్కున్నట్టుంది. "అయ్యా, లెక్క మళ్ళీ చూడండి! మనకు పడేది పద్నాలుగు కాదు, ఏడు! మీ దగ్గర తొమ్మిది మూలుగుతున్నాయి!"

అవతల గోల. ఎవరో వద్దన్నారు, ఎవరో వాళ్ళను కసిరారు. ఇంజినీరు ఫోన్ తీసుకుని అక్కడి ఇంజినీరుతో మాట్లాడింది. టైలరమ్మకు ఆ మాటలేవీ చెవికెక్కలేదు. బస్సు కదలబోతున్నట్టే ఉంది. తిరిగి వెళ్ళిపోదామనిపించింది. ఈసారి మాత్రం వెళ్ళలేదు, బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"ఒప్పుకున్నారు!" ఇంజినీరు ఫోన్ పైకెత్తింది. "తీర్మానం రాస్తున్నారు. ఇక్కడ చేతులెత్తండి."

చేతులు లేచాయి. చంక బిగుతు లేకుండా కుట్టిన జాకెట్లన్నీ బారుగా పైకి లేచాయి. అన్నిటికంటే ఆఖరున, గొణుక్కుంటూ, బేకరీ ఆయనా ఎత్తాడు. "మా అత్తగారిల్లు అవతలే ఉందక్కా. ఎత్తకపోతే ఇంట్లో తిండి పుట్టదు."

గోడమీది పట్టికలో వంతెన ఎదురుగా పద్నాలుగు కొట్టేసి, "మన వాటా ఏడు" అని రాసి, పక్కన ఇంజినీరూ సభ్యుడూ పొట్టి సంతకాలు పెట్టారు. తోరణం పక్కన "వచ్చే ఏడాదికి" అని పడింది. సభ్యుడు మినిట్సు పుస్తకంలో తీర్మానం రాయించి చదివాడు. చప్పట్లకు కిటికీ రెక్కలు అదిరాయి.

టైలరమ్మ తిన్నగా కాలువ గట్టుకు నడిచింది. అడ్డుచెక్కల అవతల, నీళ్ళకు ఆవలి ఒడ్డున, వదిన అప్పటికే కర్ర ఊతంగా నిలబడి ఉంది.

"వదినా!" అరిచింది. "పెట్టె విప్పేసుకో! వంతెన వస్తోంది!"

"సర్దితే గదటే విప్పడానికి!" అటునుంచి వచ్చింది జవాబు. "వానల్లోపల పూర్తి చేయించు. పాలు పొయ్యిమీద పెట్టి వస్తాను!"

వదిన చెయ్యి ఊపింది. టైలరమ్మ తానూ చెయ్యి ఎత్తింది. వదిన కర్ర తాటించుకుంటూ సందు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి ఊపుతూనే ఉంది.