నీళ్లు అడగని మొక్క

మా ఇంటి జాగాను బిల్డర్‌కు ఇచ్చాం. దాని మీద నాలుగంతస్తులు లేచాయి. మాకు కింద ఒక ఫ్లాటు వచ్చింది. శంషాబాద్‌కు ఎయిర్‌పోర్టు వచ్చిన మూడో ఏడు అది. ఊళ్లో చాలామంది అట్లాగే ఇచ్చారు. మేమూ ఇచ్చాం.

నా భార్య అనంతమ్మ మల్లెపందిరి ఎక్కడుండేదో నాకు ఇప్పటికీ తెలుసు. ఇప్పుడు పార్కింగులో రెండు పిల్లర్ల నడుమ, తెల్ల కారు ఆగే చోట. ఎండకాలం సాయంత్రాలు పందిరి కింద మంచం వేసుకుంటే వాసనకు నిద్ర ముంచుకొచ్చేది. పక్కన కనకాంబరాలు, అటు తులసి, బావి గట్టు మీద బంతి. పొద్దున్నే ఆమె స్నానం చేసి ఒక్కో చెట్టు మొదట్లో చెంబెడు నీళ్లు పోసేది. ఆ తర్వాతే చాయ్. ఒంట్లో బాగుండకపోయినా అంతే.

ఫ్లాటులోకి వచ్చాక కిటికీ దగ్గర కుండీలు పెట్టింది. పక్క బిల్డింగు గోడ కిటికీలోంచి చెయ్యి చాపితే అందుతుంది. మల్లె సన్నగా సాగి ఆకులు రాల్చింది. తులసి నల్లబడింది. కనకాంబరం మొగ్గ వేయకుండానే పోయింది. మళ్లీ తెచ్చింది. మళ్లీ పోయాయి.

ఆఖరి కుండీ బయట పెట్టిన రోజు చెప్పింది.

"మంఖాల్‌కు పోత. మా తమ్మునింట్ల వాకిలుంది, బోరుంది. చెట్టు బతకని ఇంట్ల నేనెట్ల బతుకుత? వస్తే రా, లేకుంటే ఉండు."

నేను గోదాములో వాచ్‌మన్ పని చేస్తున్నాను. అదీ కాక బావమరిది పంచన ఎట్లా ఉంటాను? ఆమె లేకుండా ఈ ఇంట్లో ఎట్లా ఉంటానో కూడా నాకు తెలియలేదు. చెప్పులేసుకుని డ్యూటీకి పోయాను. నాకు మాటలు తొందరగా రావు.

పై అంతస్తులో సంయుక్త అనే కోస్తా అమ్మాయి ఉంటుంది. ఎయిర్‌పోర్టులో షిఫ్టు డ్యూటీ. ఒకరోజు ఆమె గ్యాస్ బండ పైకి మోసి పెట్టాను. ఇల్లు మా ఇంటి లాగే చీకటి. మూలన మాత్రం కత్తుల్లాంటి ఆకులతో ఒక మొక్క నిటారుగా నిలబడి ఉంది.

"దీనికి ఏం పోస్తావమ్మా?"

"ఏమీ పోయనండి. అసలు గుర్తే ఉండదు. ఊరెళ్లి వచ్చాను, అలాగే ఉంది. స్నేక్ ప్లాంట్ అంటారు."

మరునాడు గగన్‌పహాడ్‌లో బస్సు దిగి బద్రుద్దీన్ నర్సరీకి పోయాను. మా పాత ఇంటికి మల్లె అంటు ఇచ్చింది అతనే.

"రాజన్నా! బతికే ఉన్నవా? మల్లె ఎట్లుంది?"

"కారు కింద ఉంది" అన్నాను.

నవ్వబోయి ఆగిపోయాడు. అంతా విన్నాడు.

"ముందు మొక్క కాదు, వెలుతురు చూడాలె. పగటీలి లైటు బంద్ చేసి, మొక్క పెట్టే కాడ తెల్ల కాయిదం పరుచు. జానెడు పైన చెయ్యి పట్టు. నీడ నల్లగ, అంచు సాఫ్‌గ పడితే పూల మొక్కను ఆలోచన చెయ్యొచ్చు. మసక మసకగ పడితే ఆకుల మొక్క. ఏం పడకుంటే ప్లాస్టిక్ పూలు కొనుక్కో, నా కాడికి రాకు."

ఇంటికి వచ్చి కాగితం పరిచాను. వంటింట్లో నీడే లేదు. కిటికీ పక్కన చెయ్యి ఒక మసక మరకలాగా కనబడింది. అనంతమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

"గోడతోని ఏం ముచ్చట పెడ్తున్నవ్?"

నర్సరీ నుంచి స్నేక్ ప్లాంటు తెచ్చి ఆ మరక పడ్డచోటే పెట్టాను. పైన సంయుక్త మొక్క సంగతీ, బద్రుద్దీన్ చెప్పిందీ చెప్పాను. మట్టి అడుగుదాకా ఎండితేనే నీళ్లు. ఈ నీడలో అది ఎండడానికి వారాలు పడుతుంది.

"వారాలా? ఎడారిలకెళ్లి తెచ్చినవా?" అంది.

కానీ ఆకుల మీద పసుపు అంచును వేలితో రాసి చూసింది. ఆమెకు నచ్చిందని తెలిసింది.

మరునాడు స్నానం చేసి వచ్చి చెంబెడు పోసింది. నేను అడ్డం పడ్డాను.

"పొయ్యకని చెప్పిన గద."

"నా కండ్ల ముందట దప్పికతోని ఉంటే, నేను చాయ్ ఎట్ల తాగుత?"

ఆ తర్వాత నేను డ్యూటీకి పోయాక పోసేది. కుండీ కింది పళ్లెం ఎప్పుడూ తడిగానే ఉండేది. పోయవద్దన్నప్పుడల్లా తల ఊపేది. వానకాలం సగం కాకముందే ఒక ఆకు పక్కకు ఒరిగింది. ముట్టుకుంటే మొదలు మెత్తగా జారిపోయింది, కుళ్లిన వాసన వచ్చింది. రెండోదీ ఒరిగింది.

అనంతమ్మ ఏడవలేదు. చీరలు సంచిలో పెట్టింది. తమ్ముడు కుర్మయ్యకు ఫోన్ చేసి ఆదివారం ఆటో తీసుకురమ్మంది.

"నీళ్లు పొయ్యని ఆ మీది పోరి ఇంట్ల పచ్చగుంటది. పోసిన నా ఇంట్ల కుళ్లుతది. ఇగ నాతోని కాదు."

ఆ సాయంత్రమే నర్సరీకి పోయి బద్రుద్దీన్‌ను వెంటబెట్టుకొచ్చాను. అతను కూర్చోను కూడా లేదు. మొక్కను కుండీలోంచి లాగి వేర్లు చూశాడు. గోధుమరంగు ముద్ద.

"నా చేతుల ఇసముందా అన్నా?" అంది ఆమె.

"తోబా తోబా! నీ చెయ్యి మంచిదే వదినా. నీ చెయ్యి ఎండల చెట్లకు అలవాటైంది. ఎండ ఉంటే చెట్టు తాగుతది. ఈడ ఎండ లేదు, అది తాగదు. తాగని నీళ్లు వేర్ల కాడ్నే నిలబడ్డయి. ఊపిరాడలే, కుళ్లింది."

"మరి పొద్దుగాల లేచి నేనేం చెయ్యాలె?"

బద్రుద్దీన్ నా వైపు చూశాడు. నేను ఆ ప్రశ్న గురించి అంతవరకూ ఆలోచించలేదు.

అతను చాకు అడిగాడు. ఆకుల్లో గట్టిగా ఉన్న పైభాగాలు కోశాడు. ఏది కిందివైపో తెలిసేటట్టు ఆ కొసను ఏటవాలుగా చెక్కాడు.

"నాలుగు రోజులు నీడకు ఆరబెట్టు. కోసిన కాడ పొక్కు కట్టినంక ఇసుకల గుచ్చు, తలకిందులు కావొద్దు. ఒక్కసారి తడుపు. తర్వాత రోజూ వేలు పెట్టి చూడు. తడి తగిలితే చెయ్యి వెనక్కి తీసుకో. వేరు పట్టనీకి నెలలు పడ్తది. ఇంకోటి, కొత్త పిలకలు వస్తే ఈ పసుపు అంచు ఉండది. ఉత్త పచ్చగ వస్తయి."

"అంచు ఏడికి పోతది?"

"అది ఆకుముక్కల నుంచి రాదు వదినా. గంతే."

ఆదివారం కుర్మయ్య ఆటోతో వచ్చాడు. అప్పటికి ముక్కలు ఆరాయి. అనంతమ్మ పాత డబ్బా అడుగుకు రంధ్రాలు పొడిచి ఇసుక పోసి, వాటిని గుచ్చుతూ ఉంది. సంచి తలుపు పక్కనే ఉంది. నేను కాగితం పరిచి, డబ్బా పెట్టే చోట నీడ మళ్లీ చూస్తున్నాను.

"అక్కా, నడువు. ఆటో ఆపిచ్చిన."

"ఇవి వేరు పట్టేదాక ఎట్ల వస్త రా?"

"నాలుగు ఆకుముక్కల కోసమా? మన ఇంట్ల తోటే ఉంది గద! గీ డబ్బా గూడ పట్టుకరా."

"నీ పెండ్లాం పొద్దున లేస్తే పైపు పట్టి అందరి మీద కొడ్తది. ఒక్కనాడు బతకయి."

"బావా, నువ్వన్న చెప్పు."

నేను కాగితం మీద నుంచి చెయ్యి తీయలేదు. "ఇక్కడైతే నీడ పడుతున్నది" అన్నాను.

ఆమె డబ్బా తెచ్చి అక్కడ పెట్టింది. ఇసుకలో వేలు గుచ్చింది. ఒక్క చుక్క కూడా పోయకుండా, కొంగుతో ఆకుముక్కల మీది దుమ్ము తుడిచింది. ఒకటి తుడిచాక ఇంకొకటి. పందిరి కింద మల్లెలు కోసేటప్పుడు కూడా అట్లాగే కూర్చునేది, ఒక మోకాలు ఎత్తి, పెదవులు బిగించి. చాలా రోజులకు ఆమెను అట్లా చూశాను.

కుర్మయ్య చాయ్ తాగి, గొణుక్కుంటూ ఖాళీ ఆటోలో పోయాడు.

నేను సంచి ఎత్తి అటక మీదికి చాచాను.

"అంత మీద వద్దయ్యా" అంది ఇసుక వైపే చూస్తూ. "అందేటట్టు పెట్టు. ఇవి మొలవకుంటే?"

మంచం కింద పెట్టాను.