సారాంశంలో కాలదోషం

సిద్ధాంత గ్రంథాన్ని బైండింగుకి ఇచ్చేముందు పరిశోధకుడు కృతజ్ఞతల పేజీనీ, సారాంశాన్నీ అక్క ముందు పెట్టాడు. ఆమె ఒక ప్రచురణ సంస్థలో ప్రూఫ్ రీడరు. తప్పు కనిపిస్తే తమ్ముడని కూడా కనికరించదు.

“‘మా గైడుగారి నిర్వాకం వల్లే ఈ గ్రంథం ఇలా తయారైంది’ అంటే ఆయన్ని తిట్టినట్టురా!”

“ఆయన ఒక్క అధ్యాయమైనా చదివితేగా! సరే, మార్చెయ్యక్కా, సంతకం పెట్టాల్సింది ఆయనే.”

ఆమె ‘మార్గదర్శకత్వం’ అని దిద్దింది. ‘మా ఆవిడ టీలు పెట్టలేక చచ్చింది’ అన్నచోట ‘నా భార్య ఓపికగా సహకరించింది’ అని రాసింది. సారాంశం దగ్గర ఆగిపోయింది.

“‘మూడు వందల మందిని ప్రశ్నించాను, జవాబులను విశ్లేషిస్తాను, నా వాదన రుజువైంది.’ కాలాలన్నీ కలగాపులగం చేశావు. అయిపోయిన పనికి భూతకాలం ఉండాలి. ‘విశ్లేషించాను’ అని దిద్దనా?”

“దిద్దితే అబద్ధమవుతుందక్కా.”

“మరి రుజువెలా అయిందిరా?”

“అయిందనుకోమన్నారు గైడుగారు.”

అక్క పెన్నుకి మూత పెట్టేసింది. “క్రియలైతే నేను దిద్దుతాను. పని మాత్రం నువ్వే చెయ్యాలి.”

బైండింగు వాయిదా పడింది. అతను మొహం మాడ్చుకుని, జవాబుల కట్టలు మొదటిసారి విప్పాడు.